ఛాంబర్ ఇంటర్వ్యూ తర్వాత సీనియర్ గారికి రాసే కృతజ్ఞతా లేఖ: తప్పు చెప్పిన జవాబు సంగతి ఎత్తాలా?

ప్రశ్న: నేను ఆరు నెలల క్రితం ఎన్‌రోల్ అయ్యాను. నిన్న సాయంత్రం హన్మకొండలో ఒక ఆఫీసులో సీనియర్ పార్ట్‌నర్ గారు, ఇంకో మేడమ్ గారు కలిసి నలభై నిమిషాలు ఇంటర్వ్యూ చేశారు. సార్ తన కేసు డైరీ చూపించి ఎలా రాసుకోవాలో చెప్పారు, నడుస్తున్న ఒక భూమి కేసు కట్ట కూడా విప్పి చూపించారు. రిటన్ స్టేట్‌మెంట్ 90 రోజులు దాటితే ఇక వేయలేమని నేను చెప్పాను, ఇంటికొచ్చి చూసుకుంటే అది తప్పు. థాంక్స్ చెబుతూ రాయాలనుంది. కానీ కాకా పట్టినట్టు ఉండకూడదు. తప్పు సంగతి రాయాలా, వదిలేయాలా? "గౌరవనీయులైన సీనియర్ అడ్వకేట్ గారికి, మీ అమూల్యమైన సమయాన్ని నాకోసం వెచ్చించినందుకు జన్మజన్మలా రుణపడి ఉంటాను" అని మొదలుపెట్టి ఒక పేజీ రాశాను. ఇది సరిపోతుందా?

సమాధానం:

రాయండి, తప్పు సంగతి కూడా రాయండి. అయితే ఆ పేజీని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. నేను ఇరవై ఏడేళ్లుగా ఇక్కడి కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను, మా ఆఫీసులో చేరడానికి వచ్చిన జూనియర్లు రాసిన లేఖలు చాలా చదివాను. అందువల్ల అటువైపు కూర్చుని చదివే మనిషికి ఏం కనబడుతుందో చెప్పగలను.

ముందుగా మీ మొదటి పదం. 'సీనియర్ అడ్వకేట్' అనేది వయసును బట్టీ అనుభవాన్ని బట్టీ గౌరవంగా పిలిచే పిలుపు కాదు. అడ్వకేట్స్ చట్టం, 1961 లోని సెక్షన్ 16 కింద సుప్రీంకోర్టు గానీ హైకోర్టు గానీ ఇచ్చే హోదా అది. ఆ హోదా పొందినవారు వకాల్తా దాఖలు చేయరు, కక్షిదారు నుంచి నేరుగా కేసు తీసుకోరు. మీరు వెళ్లిన ఆఫీసు పేరు మీద జిల్లా కోర్టులో వకాల్తాలు పడుతున్నాయని, ఆ సార్ స్వయంగా దావాలు వేస్తున్నారని మీకు తెలిసే ఉంటుంది. అలాంటప్పుడు ఆయనకు లేని హోదాను మీరు లేఖ మొదటి పంక్తిలోనే అంటగట్టినట్టవుతుంది. ఆయన అదేమీ పట్టించుకోకపోవచ్చు, కానీ 'ఈ అబ్బాయికి సెక్షన్ 16 తెలియదు' అన్న సంగతి మాత్రం గుర్తుండిపోతుంది. పేరు రాసి పక్కన 'గారికి' అని, కింద 'న్యాయవాది, హన్మకొండ' అని రాస్తే చాలు. తర్వాతి పంక్తిలో 'సార్, నమస్కారం' అనండి. మన అదాలత్‌లో రోజూ పిలుచుకునే పిలుపు అదే కాబట్టి లేఖలోనూ అదే సహజంగా ఉంటుంది. ఇదే జాగ్రత్త మీ సంతకం కిందా అవసరం. మీరు ఎన్‌రోల్ అయ్యారు కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ నంబరు వేసి 'న్యాయవాది' అని రాసుకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్ ఇంకా కానివారు ఆ మాట వేసుకోకూడదు.

ఇక అసలు విషయం. కృతజ్ఞత ఎంత గట్టిగా చెప్పామన్నది కాక, దేనికి చెప్పామన్నది చదివేవారికి తగులుతుంది. 'అమూల్యమైన సమయం', 'విలువైన సలహాలు' అన్న మాటలు ఏ ఆఫీసుకైనా అతుకుతాయి. నాకు అలాంటి లేఖ వచ్చినప్పుడు ఇదే మాటర్ ఇంకో నలుగురికి కూడా వెళ్లిందేమోననే నాకు అనిపిస్తుంది. మీ దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ వస్తువు ఒకటి ఉంది. సార్ తన డైరీ చూపించారన్నారు. చాలామంది జూనియర్లు డైరీలో వాయిదా తేదీ, కేసు నంబరు, కోర్టు పేరు రాసి వదిలేస్తారు. అనుభవజ్ఞులు ఆ పక్కనే స్టేజి కూడా ఒక్క ముక్కలో రాసుకుంటారు: 'కౌంటరు', 'ఇష్యూస్', 'పీడబ్ల్యూ1 క్రాస్', 'ఆర్గ్యుమెంట్స్'. ముందు రోజు రాత్రి ఏ కట్ట విప్పాలో, ఏ కట్టకు వాయిదా తీసుకుంటే సరిపోతుందో ఆ ఒక్క ముక్క చెబుతుంది. సార్ మీకు చూపించింది అదే అయితే అదే రాయండి, చూశాక మీరేం మార్చుకున్నారో కూడా ఒక వాక్యంలో రాయండి. నిజంగా మార్చుకుంటేనే సుమా! మార్చుకోకుండా మార్చుకున్నానని రాస్తే, చేరిన మొదటి వారంలో ఆయన మీ డైరీ అడిగి తీసుకున్నప్పుడు తల ఎత్తుకోలేరు.

మీతో కూర్చున్న మేడమ్ గారిని మరిచిపోవద్దు. పార్ట్‌నర్లున్న ఆఫీసులో ఇంటర్వ్యూ చేసిన ఇద్దరిలో ఒకరికే కృతజ్ఞత చెబితే, లేఖను రెండోవారు చూసినప్పుడు బాగుండదు. విడిగా ఇంకో లేఖ అవసరం లేదు, ఇదే లేఖలో ఒక్క మాట చాలు.

ఇప్పుడు ఆ తప్పు. అది రాయడం ఎందుకు మంచిదో చెప్పే ముందు, రాయవలసిన సరైన జవాబు ఏమిటో చూద్దాం, ఎందుకంటే దిద్దుబాటులో మళ్లీ తప్పు దొర్లితే మొదటి తప్పు కంటే నష్టం.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 8 రూల్ 1 ప్రకారం సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో ప్రతివాది రిటన్ స్టేట్‌మెంట్ వేయాలి. కోర్టు కారణాలు నమోదు చేసి ఆ గడువును సమన్లు అందిన తేదీ నుంచి 90 రోజుల వరకు పొడిగించవచ్చు. రూలు మాటలు చదివితే 90 తర్వాత దారి లేదనే అనిపిస్తుంది, మీరు చెప్పింది అక్కడి నుంచే వచ్చింది. కానీ కైలాష్ వర్సెస్ నన్హకు కేసులో సుప్రీంకోర్టు 2005లో ఆ గడువు డైరెక్టరీ అనీ, మ్యాండేటరీ కాదనీ చెప్పింది. అంటే అసాధారణమైన కారణాలుంటే 90 రోజుల తర్వాత కూడా కోర్టు రిటన్ స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. కానీ అడిగినవారికల్లా ఇచ్చే వెసులుబాటు కాదు, ఆలస్యానికి కారణాలు అఫిడవిట్‌లో చూపాలి, ఖర్చులు కట్టమని కోర్టు షరతు పెట్టవచ్చు. కమర్షియల్ దావాల సంగతి వేరు. అక్కడ 2015 కమర్షియల్ కోర్టుల చట్టం అదే రూలులో తెచ్చిన మార్పు ప్రకారం 120 రోజులు దాటితే ప్రతివాది హక్కు పోతుంది, కోర్టు ఆ రిటన్ స్టేట్‌మెంట్‌ను రికార్డులోకి తీసుకోకూడదు. అది మ్యాండేటరీ అని 2019లో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీ తప్పు ఈ రెంటినీ కలిపేయడం: సాధారణ దావాకు వర్తించే 90 అంకెను పట్టుకుని, కమర్షియల్ దావాకు మాత్రమే ఉండే కఠినత్వాన్ని దానికి అంటించారు. కొత్తవారికే కాదు, కోర్టు హాలులో నిలబడ్డ అనుభవజ్ఞులకు కూడా తొందరలో ఇది జరగడం నేను చూశాను.

ఈ దిద్దుబాటుకు విలువ ఎక్కడిదంటే, సీనియర్ దగ్గర జూనియర్ చేసే పనిలో పెద్ద భాగం సెక్షన్లు, తేదీలు, తీర్పులు చూసి చెప్పడమే. జూనియర్ చెప్పినదాన్ని నమ్మి సీనియర్ కోర్టులో నిలబడతారు. ఉదయం చెప్పింది తప్పని మధ్యాహ్నం తెలిస్తే, ఆ జూనియర్ పరుగున వచ్చి చెబుతాడా, ఎవరూ గమనించలేదులే అని ఊరుకుంటాడా అన్నది ఆఫీసుకు అన్నింటికంటే పెద్ద ప్రశ్న. ఎవరూ అడగకముందే మీ తప్పును మీరే దిద్దుకుంటే, ఆ ప్రశ్నకు జవాబు ఇంటర్వ్యూలో దొరకనిది లేఖలో దొరుకుతుంది. ఒకవేళ మీరు తప్పు చెబుతున్నప్పుడే సార్‌కు తెలిసి, దిద్దకుండా ఊరుకున్నారనుకోండి. అప్పుడు మీ లేఖకు విలువ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆయన ఎదురుచూసింది దానికోసమే అయి ఉండవచ్చు. నేనైతే అలాగే ఊరుకుంటాను.

అయితే దిద్దుబాటు నాలుగు వాక్యాలు దాటకూడదు. నేను చెప్పింది ఏమిటి, సరైనది ఏమిటి, ఎక్కడ చూశాను: ఇంతే. నాలుగు తీర్పులు వరుసగా పేర్చితే అది దిద్దుబాటు కాదు, రెండో ఇంటర్వ్యూ అవుతుంది. ఒకే ఒక తీర్పు రాయండి, అది కూడా హెడ్‌నోట్ చూసి కాదు, తీర్పు తెరిచి ఆ పేరా చదివాకే రాయండి. క్షమాపణలు పొడుగ్గా వద్దు. ఇంటర్వ్యూలో తడబడటం ఎవరికీ చేసిన అపకారం కాదు. ఇంకో మాట: దిద్దుకోవలసింది చట్టానికి సంబంధించిన తప్పు కాక, మీ గురించి మీరు చెప్పిన తప్పు అయితే, ఉదాహరణకు బార్ ఎగ్జామ్ ఫలితం రాకముందే పాసయ్యానని చెప్పి ఉంటే, దానికి కృతజ్ఞతా లేఖ వరకు ఆగకూడదు. అదే రోజు ఫోను చేసి చెప్పాలి.

సార్ విప్పి చూపించిన భూమి కేసు కట్ట గురించి మాత్రం ఒక్క అక్షరం కూడా రాయవద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కింద మా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి, నేను చూపించిన పార్టిషన్ దావా మీద తనకు కలిగిన ఆలోచనలన్నీ లేఖలో రాశాడు: ఊరి పేరు, అన్నదమ్ముల పేర్లు, ఏ డాక్యుమెంటు మనకు బలహీనమో కూడా. శ్రద్ధతోనే రాశాడు. పంపే ముందు తెలుగు సరిగా ఉందో లేదో చూడమని ఆ డ్రాఫ్ట్‌ను రూమ్‌లోని స్నేహితులకు చూపించాడు. వారిలో ఒకరు అదే దావాలో ఎదుటి పక్షం వకీలు దగ్గర జూనియర్. ఆ స్నేహితుడు మంచివాడు కాబట్టి సంగతి అక్కడే ఆగింది. ఈ అబ్బాయే వచ్చి జరిగింది చెప్పాడు. కక్షిదారు వకీలుకు చెప్పుకున్న మాటలను కాపాడే నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 132గా ఉంది, 2024 జూలై 1కి ముందు ఎవిడెన్స్ యాక్టులో సెక్షన్ 126గా ఉండేది. ఇంకా ఆఫీసులో చేరని మీరు ఆ సెక్షన్ పరిధిలోకి వస్తారా రారా అన్న చర్చకు అసలు అవసరమే రానివ్వకూడదు. కట్ట చూపించినందుకు కృతజ్ఞత చెప్పాలనిపిస్తే 'ఒక కేసు కట్టను చదివే పద్ధతి చూపించినందుకు' అనండి, అది చాలు. నా మాట వింటే డ్రాఫ్ట్ కూడా ఎవరికీ చూపించకండి.

జీతం ప్రస్తావన ఈ లేఖలో వద్దు. జూనియర్లకు కనీసం నగరాల్లో నెలకు 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, తప్పనిసరి ఆదేశం కాదు. దాని గురించి అడిగే హక్కు మీకు ఉంది, అడగాలి కూడా, కానీ రమ్మన్న తర్వాత ఎదురుగా కూర్చుని అడగాలి. కృతజ్ఞత చెప్పే కాగితంలోనే అడిగితే రెండూ పాడవుతాయి.

మీ వివరాలతో నేనైతే ఇలా రాస్తాను. కింద మొదటి పేరాలో డైరీ గురించి ఉన్న చివరి వాక్యం నిజమైతేనే ఉంచండి.

విషయం: నిన్నటి ఇంటర్వ్యూకు కృతజ్ఞతలు

శ్రీ (పేరు) గారికి,
న్యాయవాది, హన్మకొండ.

సార్, నమస్కారం.

నిన్న సాయంత్రం మీరూ మేడమ్ గారూ నాకు నలభై నిమిషాల సమయం ఇచ్చినందుకు ఇద్దరికీ నా కృతజ్ఞతలు. డైరీలో వాయిదా తేదీ పక్కనే ఆ రోజు స్టేజి ఏమిటో కూడా రాసుకోవాలని మీరు చూపించారు. నేను ఇంతవరకు తేదీ మాత్రమే రాసుకుంటున్నాను. నా దగ్గరున్న కేసులన్నింటికీ ఈ ఉదయం స్టేజి రాసుకున్నాను.

రిటన్ స్టేట్‌మెంట్ గడువు గురించి మీరు అడిగినప్పుడు, సాధారణ సివిల్ దావాలో 90 రోజులు దాటితే ఇక వేయలేమని చెప్పాను. అది సరికాదు. ఆ గడువు డైరెక్టరీ అని, అసాధారణ కారణాలు చూపితే కోర్టు అనుమతించవచ్చని కైలాష్ వర్సెస్ నన్హకు (2005) తీర్పులో చదివాను. గడువు దాటితే హక్కు పోయేది కమర్షియల్ దావాల్లో, అది కూడా 120 రోజుల తర్వాత.

వచ్చే నెల 1వ తేదీ నుంచి నేను రాగలనని మీకు చెప్పాను, అందులో మార్పు లేదు.

ఇట్లు,
(పేరు), న్యాయవాది
ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ఫోను నంబరు

చూడండి, ఇందులో ఎక్కడా 'వినమ్రంగా', 'మీ పాదాల చెంత' లాంటి మాటలు లేవు. వినయం ఆ మాటల్లో లేదు. 'ఇంతవరకు తేదీ మాత్రమే రాసుకుంటున్నాను', 'అది సరికాదు' అన్న రెండు చోట్ల ఉంది. నాకు అవకాశమిస్తే ఇది చేస్తాను, అది చేస్తాను అన్న హామీలు కూడా లేవు. చేరకముందే ఇచ్చిన హామీని ఏ సీనియరూ లెక్కలోకి తీసుకోరు. రాగలనన్న తేదీ మాత్రం ఇంటర్వ్యూలో చెప్పి ఉంటేనే రాయండి, చెప్పకపోతే ఆ పేరా తీసేయండి.

తెలుగులో రాయాలా ఇంగ్లీషులో రాయాలా అని మీరు అడగలేదు గానీ, చాలామంది అడుగుతారు. ఇంటర్వ్యూ ఏ భాషలో ఎక్కువగా నడిచిందో ఆ భాషలో రాయండి. ప్లీడింగ్‌లు ఇంగ్లీషులో రాసే ఆఫీసు కదా అని బలవంతంగా ఇంగ్లీషులో రాస్తే, వాక్యాలు ఎక్కడో చూసి ఎత్తిరాసినట్టు కనబడతాయి. తెలుగులో రాసినా లీగల్ పదాలను బలవంతంగా అనువదించకండి. 'డైరెక్టరీ' అంటే ఆయనకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది, దానికి మీరు కట్టిన తెలుగు మాట అర్థం కావడానికి ఆయన ఆగి ఆలోచించాలి.

ఎప్పుడు, ఎలా పంపాలి అంటారా: ఈ రోజు పంపండి, వీలైతే ఆయన కోర్టు నుంచి వచ్చి ఆఫీసులో కూర్చునే లోపు. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ఆయన ఫోను చూసేది తరువాత ఏ కేసు పిలుస్తారో తెలుసుకోవడానికే. ఆఫీసు ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఈమెయిల్. ఆయన స్వయంగా తన నంబరు ఇచ్చి ఉంటేనే వాట్సాప్. గుమస్తా ఫోన్లో ఉండే ఆఫీసు వాట్సాప్ నంబరుకు మాత్రం పంపవద్దు, అది కక్షిదారులు వాయిదాల కోసం అడిగే నంబరు. రెండు చోట్లకూ పంపవద్దు, బయోడేటా మళ్లీ జత చేయవద్దు.

జవాబు రాకపోవచ్చు. దాన్ని తిరస్కారంగా తీసుకోకండి. మేము చాలామంది ఇలాంటి లేఖలు చదివి, తలాడించి, మళ్లీ కట్టలో తలపెట్టేస్తాం. ఎన్ని రోజుల్లో చెబుతామన్నారో ఆ గడువు దాటాక ఇంకో మూడు నాలుగు రోజులు ఆగి, ఒక్కసారి ఫోను చేసి అడగండి. అప్పుడు లేఖ అందిందా అని మాత్రం అడగవద్దు, చేరిక సంగతి ఏమైందని మాత్రమే అడగండి.